కమీషన్ లేకుండా సొంత ఆర్డర్లు: మా కాకినాడ హోటల్లో ఏడాది అనుభవం

కాకినాడ రమణయ్యపేటలో మాది ఎనిమిది బల్లల హోటల్. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం నుంచి కోడి పలావు, రొయ్యల వేపుడు, చపాతీ, కూరలు. వంట నాది, గల్లా మా ఆయనది. నిరుడు ఒక సాయంత్రం మా వెనక వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు వచ్చి, ఫోన్‌లో ఫుడ్ డెలివరీ యాప్ చూపించి అడిగారు: "ఏమ్మా, మీ దగ్గర కూర్చుని తింటే మూడొందల ఇరవై. ఇందులో పెడితే నాలుగొందలు. రెండు వీధులకే ఇంత తేడానా?"

ఆ రాత్రి కొట్టు కట్టేశాక ఆయన ఆర్డర్ ఒక్కటే తీసుకుని లెక్క వేశాం. ఒక పలావు 180, ఒక రొయ్యల వేపుడు 140, కౌంటర్లో మొత్తం 320. కమీషన్ తట్టుకోవడానికి యాప్‌లో అదే 400కి పెట్టాం. పది శాతం డిస్కౌంట్ మా వాటా కాబట్టి 40 పోయి 360 అయింది. మా ఒప్పందం ప్రకారం 360 మీద 24 శాతం కమీషన్, అంటే 86 రూపాయల 40 పైసలు. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 15 రూపాయల 55 పైసలు. మేం కట్టే 5 శాతం పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కాబట్టి ఆ పన్ను మళ్లీ మాకు తిరిగి రాదు. చివరికి చేతికొచ్చింది 258. ఆయన 40 ఎక్కువ ఇచ్చారు, మాకు 62 తక్కువ వచ్చింది. (ఇక్కడ నేను చెప్పే అంకెలన్నీ కస్టమర్ కట్టే పన్ను, యాప్ వాళ్ల డెలివరీ చార్జీ కలపకుండా వేసినవి.)

నన్ను బాధ పెట్టింది కమీషన్ శాతం ఒక్కటే కాదు. మాస్టారు ఆరేళ్లుగా మా దగ్గర తింటున్న మనిషి. మా హోటల్ పేరు టైపు చేసి మరీ వెతికి ఆర్డర్ పెట్టారు. కొత్త మనిషిని తెచ్చినందుకు కమీషన్ ఇస్తే అర్థం ఉంది, మా మనిషిని మాకే తెచ్చినందుకు ఎందుకివ్వాలి? నెల రోజుల యాప్ ఆర్డర్లు తీసి చూస్తే సగానికి పైగా మళ్లీ మళ్లీ అవే పేర్లు. సొంతంగా ఆర్డర్లు తీసుకుందామని అప్పుడే గట్టిగా అనుకున్నాం. యాప్‌లు మానెయ్యాలని మాత్రం అనుకోలేదు.

మొదట చేసిన పని మెనూని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపడం. అది వారం కూడా నిలవలేదు. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసుకుని చదవాలి. అంతకంటే పెద్ద చిక్కు, పంపిన పీడీఎఫ్‌ని వెనక్కి తీసుకోలేం. రొయ్యల రేటు పెరిగి మేం ధర మార్చాక కూడా అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో పాత కాగితమే తిరుగుతూ ఉంది. పాత ధర చూపించి అడిగిన వాళ్లతో వాదించలేక అదే ధరకి ఇచ్చాం.

తర్వాత వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ పెట్టాం. దానికి డబ్బు కట్టక్కర్లేదు, కస్టమర్ వస్తువులు ఎంచుకుని బుట్టలో వేసి ఒకే మెసేజ్‌గా పంపొచ్చు. పది పదిహేను ఐటెంలు మాత్రమే ఉండి, అవి రోజూ మారని వాళ్లకి ఇదే చాలని నా అభిప్రాయం. మాకు కుదరలేదు. హాఫ్, ఫుల్ వేరే వేరే ఐటెంలుగా పెట్టాల్సి వచ్చింది. కొత్తది పెట్టినా, ఉన్నది మార్చినా వాళ్ల పరిశీలన అయ్యాకే కనిపిస్తుంది. రాత్రి ఎనిమిదిన్నరకి వేపుడు అయిపోతే దాన్ని దాచడానికి నూనె చేతులతో కేటలాగ్ అంతా వెతుక్కోవాలి.

అప్పుడు డిగ్రీ చదువుతున్న మా తమ్ముడు ఒక పేజీ తయారు చేశాడు. ఖర్చయింది ఏడాదికి కొన్ని వందలు, మా హోటల్ పేరుతో కొన్న డాట్ ఇన్ చిరునామాకి. పేజీని గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టాడు. మెనూ ఉండేది గూగుల్ షీట్‌లో: ఐటెం పేరు, ధర, ఉందా లేదా, మూడే గడులు. మూడో గడిలో 1 ఉంటే పేజీలో కనిపిస్తుంది, 0 పెడితే బూడిద రంగులోకి వెళ్లి 'అయిపోయింది' అని పడుతుంది. మా ఆయన గల్లా దగ్గర కూర్చుని ఫోన్‌లోంచే అంకె మారుస్తారు. పేజీ దాన్ని చదవడానికి షీట్‌ని 'పబ్లిష్ టు వెబ్' చేశాం. అలా చేసిన షీట్ ఎవరైనా చూడొచ్చు. అందుకే కస్టమర్ల నంబర్లు, మా కొనుగోలు లెక్కలు ఉన్న షీట్ పూర్తిగా వేరే ఫైల్‌లో ఉంచాం. అదే ఫైల్‌లో ఇంకో ట్యాబ్‌గా కూడా పెట్టలేదు.

కస్టమర్ ఐటెంలు ఎంచుకుని, పేరు, చిరునామా రాసి 'ఆర్డర్' నొక్కితే వాట్సాప్ తెరుచుకుని మెసేజ్ సిద్ధంగా ఉంటుంది. ఆయన పంపితే మా నంబర్‌కి వస్తుంది. మధ్యలో ఎవరూ లేరు. మొదటి శనివారమే ఒక ఆర్డర్ వచ్చింది, "2 చపాతీ" అని మాత్రమే. కట్టి పంపాం. మా డెలివరీ కుర్రాడు అక్కడి నుంచి ఫోన్ చేశాడు: "అక్కా, కూరేదని అడుగుతున్నారు. పలావు కూడా పెట్టారంట." కస్టమర్ ఫోన్‌లో చూస్తే మెసేజ్ నిజంగానే అక్కడికే ఆగిపోయి ఉంది. మేం మెనూలో ఆ ఐటెం పేరు "చపాతీ & చికెన్ కర్రీ" అని రాశాం. లింకుల భాషలో & గుర్తుకి 'ఇక్కడితో ఈ ముక్క అయిపోయింది' అని అర్థం. దాని తర్వాత రాసిన కూర, పలావు, చిరునామా, మొత్తం అన్నీ పోయాయి. చిరునామా అంతకుముందే ఫోన్‌లో చెప్పి ఉండడంతో మాకు అనుమానం రాలేదు. తమ్ముడు రాత్రికి రాత్రి సరిచేశాడు. సరిచేసింది ఇంతే:

```
const text = encodeURIComponent(lines.join("\n"));
location.href = "https://wa.me/91XXXXXXXXXX?text=" + text;
```

ఆ `encodeURIComponent` గుర్తుల్ని, ఖాళీల్ని, కొత్త లైన్లని లింకులో ఇమిడేలా మారుస్తుంది. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. ఇలా మార్చినప్పుడు తెలుగులో ప్రతి అక్షరం ముక్క, గుణింతం గుర్తుతో సహా, తొమ్మిది అక్షరాలంత పొడవవుతుంది. "బిర్యానీ" అనే ఒక్క మాటే లింకులో 72 అక్షరాలు. అందుకని పేజీలో తెలుగు పేర్లే చూపిస్తూ, మెసేజ్‌లోకి మాత్రం `KP-F x2` లాంటి పొట్టి గుర్తులు వెళ్లేలా చేశాడు. KP-F అంటే కోడి పలావు ఫుల్. వంటింట్లో నాకూ ఇదే తేలిక, ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ రోజు నుంచి ప్రతి ఆర్డర్ మెసేజ్‌లో చివరి లైను 'మొత్తం' అని ఉండాలి. అది కనిపించకపోతే మెసేజ్ తెగిపోయిందని గుర్తు, వెంటనే ఫోన్ చేస్తాం.

ఇక్కడే ఇంకో మాట. వాట్సాప్‌లో సిద్ధంగా వచ్చిన మెసేజ్‌ని పంపే ముందు ఎవరైనా మార్చొచ్చు. మోసం చేయాలనే అక్కర్లేదు, ఉదయం తెరిచి వదిలేసిన పేజీలో పాత ధర ఉండొచ్చు. షీట్‌లో 0 పెట్టిన వెంటనే పేజీ కూడా మారదు, కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాల్లోనే ఒకరోజు లేని రొయ్యల వేపుడికి మూడు ఆర్డర్లు వచ్చాయి. అందుకని పేజీ మీదే పెద్దక్షరాల్లో రాశాం: మేం 'ఉంది' అని జవాబిచ్చాకే ఆర్డర్ ఖాయం. జవాబులో మా షీట్ ప్రకారం మేం వేసిన మొత్తం, పార్సిల్ బయల్దేరే టైము రాస్తాం. కస్టమర్ 'సరే' అన్నాకే పొయ్యి మీద పెడతాను. వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్స్ ఉంటాయి కదా, 'సరే' వచ్చిన వాటికి ఒక రంగు, డబ్బు వచ్చిన వాటికి ఒక రంగు. ఎనిమిదింటికి ఒక్కసారిగా ఏడెనిమిది మెసేజ్‌లు పడినప్పుడు ఆ రంగులే మమ్మల్ని కాపాడతాయి.

డబ్బు దగ్గర కూడా దెబ్బ తిన్నాం. తమ్ముడు ముందు పేజీలో `upi://pay?pa=` తో మొదలయ్యే లింకు పెట్టి 'చెల్లించు' అని బటన్ చేశాడు. అందులో ఉన్నది మా ఆయన సొంత యూపీఐ ఐడీ. కొన్ని ఫోన్లలో పనిచేసింది, కొన్ని యాప్‌లు మాత్రం భద్రత కారణంగా కుదరదని ఆపేశాయి. అదే లింకుని వాట్సాప్ మెసేజ్‌లో పంపితే అసలు నొక్కడానికే రాలేదు, మామూలు అక్షరాల్లా ఉండిపోయింది. దాన్ని తీసేశాం. ఇప్పుడు కొట్టు పేరు మీదున్న మర్చంట్ క్యూఆర్ నకలు ఒకటి లామినేషన్ చేయించి కుర్రాడి మెడలో వేశాం. గుమ్మం దగ్గర స్కాన్ చేస్తారు, ఇక్కడ గల్లా మీద సౌండ్‌బాక్స్ చెబుతుంది, మా ఆయన కుర్రాడికి 'వచ్చింది' అంటారు. స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ ఇవ్వొద్దని కుర్రాడికి ఖచ్చితంగా చెప్పాం. ఒకసారి 460 రూపాయలకి స్క్రీన్‌షాట్ చూపించారు, మా బాక్స్ పలకలేదు. చూస్తే ఆ చెల్లింపు మధ్యలో ఆగి ఉంది, తర్వాత వాళ్ల ఖాతాకే తిరిగి వెళ్లిపోయింది. తప్పు వాళ్లదీ కాదు. బ్యాంకు ఖాతాల నుంచి వచ్చే యూపీఐ చెల్లింపులకి 2020 జనవరి నుంచి కొట్టు వాళ్ల దగ్గర చార్జీ తీసుకోవడం లేదు కాబట్టి ఇటువైపు మాకు ఖర్చేమీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం వచ్చింది స్టిక్కర్ల దగ్గర. పార్సిల్ సంచుల మీద అంటించడానికి, బల్లల మీద పెట్టడానికి వెయ్యి క్యూఆర్ స్టిక్కర్లు కొట్టించాం. క్యూఆర్ బొమ్మని ఒక ఉచిత వెబ్‌సైట్‌లో చేశాం. మూడో వారంలో ఒక కస్టమర్ ఫోన్ చేసి, స్కాన్ చేస్తే 'ఈ కోడ్ గడువు ముగిసింది, ప్లాన్ కొనండి' అని వస్తోందన్నారు. ఆ సైట్ ఇచ్చిన క్యూఆర్‌లో ఉన్నది మా చిరునామా కాదు, వాళ్ల చిరునామా. స్కాన్ చేసినవాళ్లు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మా పేజీకి వచ్చేవాళ్లు. ఉచిత గడువు అయిపోగానే ఆ దారి మూసేశారు. అప్పటికి ఆరొందల స్టిక్కర్లు ఊళ్లో ఫ్రిజ్‌ల మీద ఉన్నాయి. కొట్టించే ముందు తెలుసుకోవడం చాలా సులువు: ఫోన్ కెమెరా క్యూఆర్ మీద పెట్టి, తెరవకముందే కింద కనిపించే చిరునామా చదవాలి. మీ పేరు కాకుండా ఇంకేదైనా ఉంటే అది మీ చేతిలో లేదు. రెండోసారి మా పేజీని క్రోమ్‌లో తెరిచి, షేర్‌లో ఉండే క్యూఆర్ కోడ్‌తోనే బొమ్మ తీసుకున్నాం. దానికి గడువు లేదు. డాట్ ఇన్ చిరునామా కొన్నందుకు నేను సంతోషించింది కూడా ఇక్కడే. రేపు పేజీని గిట్‌హబ్ నుంచి ఇంకో చోటికి మార్చినా చిరునామా అదే ఉంటుంది, స్టిక్కర్ పనిచేస్తూనే ఉంటుంది.

యాప్ ఆర్డర్లలో మా పేజీ గురించి కరపత్రాలు పెట్టకూడదని మా ఒప్పందంలో ఉంది. అందుకని వాటిలో ఏమీ పెట్టలేదు, సంతకం పెట్టిన మాటకి కట్టుబడ్డాం. స్టిక్కర్లు కౌంటర్ పార్సిళ్ల మీద, బల్లల మీద మాత్రమే. మీ ఒప్పందంలో ఏముందో మీరు ఒకసారి చదువుకోండి.

వీటన్నిటికంటే ఎక్కువ ఆర్డర్లు తెచ్చింది మాత్రం అయిదు నిమిషాల పని ఒకటి. మా హోటల్ పేరు గూగుల్‌లో కొడితే మ్యాప్ పక్కన వచ్చే పెట్టెలో 'ఆర్డర్ ఆన్‌లైన్' అనే బటన్ ఉంటుంది. దాన్ని మేం పెట్టలేదు, నొక్కితే యాప్‌లకి పోతోంది. మాస్టారు ఆ దారినే వెళ్లారు. మా ఆయన గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోకి వెళ్లి, ఫుడ్ ఆర్డరింగ్ దగ్గర మా పేజీ లింకు చేర్చి, దాన్ని మేం ఇష్టపడే లింకుగా గుర్తు పెట్టారు. మెనూ లింకు దగ్గర కూడా అదే. ఆ తర్వాత మా పేరుతో వెతికిన వాళ్లకి ముందు మా లింకే కనబడడం మొదలైంది.

ఇంతా చేసి మొదటి నెల చివర లెక్క చూస్తే మిగులు దాదాపు లేదు. కారణం డెలివరీ. సాయంత్రం ఏడు నుంచి పది దాకా కుర్రాడికి రోజుకు 350, పెట్రోలుకి 80, మొత్తం 430. మాస్టారి ఆర్డరే మళ్లీ తీసుకోండి. ఇప్పుడు కౌంటర్ ధర 320, డెలివరీకి 30, మాకు వచ్చేది 350. యాప్‌లో వచ్చిన 258తో పోలిస్తే 92 ఎక్కువ. కానీ రోజుకు అయిదు ఆర్డర్లే వస్తున్నాయి. 430ని అయిదుతో భాగిస్తే ఆర్డర్‌కి 86. అంటే 92లో 86 కుర్రాడికి పోయి మిగిలింది ఆరు రూపాయలు. కమీషన్‌లో ఒక భాగం డెలివరీ మనిషి జీతమేనని అప్పుడు నిజంగా అర్థమైంది. ఆ భారం యాప్ మీద నుంచి నా మీదికి వచ్చిందంతే.

అదే పన్నెండు ఆర్డర్లయితే ఒక్కోదానికి 36 పడుతుంది, మిగిలేది 56. కాబట్టి మాకు కావలసింది ఒకే రాత్రి, ఒకే వైపు, ఎక్కువ ఆర్డర్లు. మేం రెండు మార్పులు చేశాం. మూడు కిలోమీటర్లు దాటితే తీసుకోం. రెండోది, పిలిచినప్పుడల్లా పరిగెత్తడం మానేసి మూడు ట్రిప్పులు పెట్టాం: ఏడూ ముప్పావు, ఎనిమిదీ ముప్పావు, తొమ్మిదిన్నర. అరగంట ముందు వరకు వచ్చిన ఆర్డర్లు ఆ ట్రిప్పులో వెళ్తాయి. సర్పవరం జంక్షన్ వైపు ఒకసారి, జేఎన్‌టీయూ, భానుగుడి వైపు ఒకసారి. హాస్టల్ పిల్లలకి గేటు దగ్గర ఇస్తాం, ఒకే చోట నాలుగు పార్సిళ్లు దిగుతాయి. 'ముప్పై నిమిషాల్లో రాదా' అని కొందరు పోయారు. వాళ్లు యాప్‌లోనే పెట్టుకుంటారు, అది వాళ్లకి సరైనదే. చాలామంది మాత్రం తొమ్మిదింటికి భోంచేసే వాళ్లే, ఎనిమిదీ ముప్పావు ట్రిప్పు వాళ్లకి సరిగ్గా సరిపోయింది. నాలుగో నెలకి మామూలు రోజుల్లో పన్నెండు, పద్నాలుగు ఆర్డర్లకి వచ్చాం. ఆదివారం ఇరవై దాటితే మా ఆయన కూడా బండి తీయాలి.

పన్ను సంగతి మా అకౌంటెంట్ ముందే హెచ్చరించారు, అది మంచిదైంది. యాప్‌లో అమ్మిన భోజనం మీద 5 శాతం జీఎస్టీని 2022 జనవరి 1 నుంచి యాప్ వాళ్లే వసూలు చేసి కడుతున్నారు. మా పేజీ నుంచి వచ్చిన ఆర్డర్ పూర్తిగా మా అమ్మకం. మాకు రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఆ 5 శాతం మా బిల్లులో వేసి మేమే కట్టాలి. వాట్సాప్ ఆర్డర్‌కి కూడా కౌంటర్ మిషన్‌లోంచే బిల్లు తీసి సంచిలో పెడతాం, పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ దాని మీదే ఉంటుంది.

లొకేషన్ దగ్గర ఇంకా చిక్కులు వస్తూనే ఉన్నాయి. ఆఫీసులో కూర్చుని 'ప్రస్తుత లొకేషన్' పంపి, భోజనం మాత్రం ఇంటికి కావాలంటారు. అందుకని లొకేషన్‌తో పాటు దగ్గర గుర్తు ఒకటి రాయమంటున్నాం: గుడి, వాటర్ ట్యాంకు, మెడికల్ షాపు, ఏదైనా సరే.

వాన రోజుల్లో కుర్రాణ్ణి పంపం. తుపాను హెచ్చరికలున్న రాత్రుల్లో రోడ్ల మీద నీళ్లు నిలుస్తాయి, పార్సిల్ కోసం ఒకరి బిడ్డని ఆ నీళ్లలోకి తోలలేం. షీట్‌లో 'డెలివరీ' అని ఒక వరస పెట్టాం, అక్కడ 0 కొడితే పేజీలో ఇంటికి పంపే బటన్ పోయి 'వచ్చి తీసుకెళ్లండి' ఒక్కటే మిగులుతుంది. మొన్న అలా పెట్టిన రాత్రి ఎనిమిదిన్నరకి మాస్టారు గొడుగు వేసుకుని స్టీలు క్యారియర్‌తో వచ్చారు. పలావు ఒక గిన్నెలో, వేపుడు ఒక గిన్నెలో సర్దిచ్చాను. 320, పైన పన్ను 16. సౌండ్‌బాక్స్ 336 అని చెప్పాక బయల్దేరారు.